సింగపూర్ అంకెలో నేను పెట్టిన చుక్క

మొన్న మంచిర్యాలలో ఒక సంతాప సభ జరిగింది. చనిపోయినాయన కాలేజీలో అర్థశాస్త్రం చెప్పిన లెక్చరర్. పాతికేళ్లు ఎరిగినవాణ్ణి కాబట్టి నేనూ వెళ్లాను. మాట్లాడినవాళ్లలో ఒకరు, "సార్ ముందట పరాధీనతా సిద్ధాంతం మీద నిలబడ్డ మనిషే. థీసిస్ రాసేటప్పుడు పట్టా కోసం మాట మార్చిండు" అన్నారు. ఎవరూ కాదనలేదు. వెనక కుర్చీలో కూర్చున్న నేనూ లేచి మాట్లాడలేదు. సభలో మాట్లాడడం నాకు చేతకాదు. ఆ థీసిస్‌లో ఐదో అధ్యాయం ఎట్లా మారిందో మొదటి నుంచి చివరిదాకా దగ్గరుండి చూసినవాళ్లం ముగ్గురం. ఇప్పుడు ఇద్దరం మిగిలాం. రాయడం నాకు కొంత చేతనవుతుంది కనుక రాస్తున్నాను.

నా చదువు పదో తరగతి. ఆ తర్వాత గ్రంథాలయ శిక్షణ పొంది లక్సెట్టిపేటలో ఒక చిన్న గ్రంథాలయంలో పనికి కుదిరాను. పుస్తకాలు తక్కువ, పాఠకులు ఇంకా తక్కువ. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లిష్ చదవడం అక్కడే నేర్చుకున్నాను. నాకొక అలవాటు ఉండేది. ఏ పుస్తకంలో అచ్చుతప్పు కనిపించినా పెన్సిల్‌తో సన్నగా దిద్దేవాణ్ణి. ఒకసారి ఒక చరిత్ర పుస్తకంలో శతాబ్దమే తప్పు పడితే దిద్దాను. రెండో ముద్రణలో అచ్చంగా నేను దిద్దినట్టే వచ్చింది. ఆ సంగతి చాలామందికి చెప్పుకున్నాను. అచ్చుతప్పు పట్టడంలో నన్ను మించినవాడు లేడనుకున్నాను.

సార్ పరిచయమైంది ఎనభైల మొదట్లో. ఆదివారాలు మంచిర్యాలలో ఆయన ఇంటి ముందుగదిలో చదువరులం కొందరం కూడేవాళ్లం. బొగ్గు గనుల ఆఫీసు గుమాస్తా ఒకాయన, ఒక వకీలు, ఇద్దరు బడిపంతుళ్లు, నేను. సార్ భార్య హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పేది. నేను ఆమెను అక్కా అనేవాణ్ణి. ఆమె చాయ పెట్టి, తలుపు దగ్గరే నిలబడి వినేది.

పరాధీనతా సిద్ధాంతం నేను మొదట విన్నది ఆ గదిలోనే. పేద దేశాలు వెనకబడి ఉన్నది ఇంకా ఎదగకపోవడం వల్ల కాదని, ఎదిగిన దేశాలతో ముడిపడ్డ తీరే వాటిని వెనకబెట్టిందని సార్ చెప్పారు. మధ్యన కేంద్ర దేశాలు, చుట్టూ అంచు దేశాలు. అంచు ముడిసరుకు పంపుతుంది, కేంద్రం తయారైన సరుకు పంపుతుంది. రానురాను అదే యంత్రం కొనడానికి ఇంకా ఎక్కువ ముడిసరుకు పంపాల్సి వస్తుంది. మిగులంతా కేంద్రానికి చేరుతుంది. ముడి ఎంత బిగిస్తే అంచు అంత బక్కచిక్కుతుంది. కాబట్టి ముడి తెంచుకోవాలి, లేదా వదులు చేసుకోవాలి.

ఇది విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు. మాది సిరిసిల్ల. మా బాపుకు సొంత సాంచ ఉండేది, అంటే మరమగ్గం. నూలు ధర సేటు చెప్పేవాడు, బట్ట ధరా సేటే చెప్పేవాడు. రెండు ధరల మధ్య మిగిలినదే మా ఇంటి తిండి. మా ఇంటిని ఎవరో ప్రపంచ పటం మీద గీసి చూపించినట్టు అనిపించింది. గనుల గుమాస్తాకూ అట్లాగే తోచింది. "బొగ్గు మనదగ్గర్నుంచి పోతది, కరెంటు బల్బులు పట్నంల వెలుగుతయి. ఇంతకు మించి పుస్తకం ఏం కావాలె సార్" అన్నాడు.

సార్ అప్పటికే పీహెచ్‌డీలో పేరు నమోదు చేసుకుని చాలా ఏళ్లైంది. విశ్వవిద్యాలయం ఇచ్చిన గడువు దాదాపు అయిపోవచ్చింది. గడువులోగా థీసిస్ ఇవ్వకపోతే నమోదు రద్దవుతుంది. అప్పటికి ఆయనకు నలభై ఆరేళ్లు. మళ్లీ మొదలుపెట్టే వయసు కాదు. నాలుగు అధ్యాయాలు సిద్ధంగా ఉన్నాయి. ఐదోది మిగిలింది. ఎగుమతులతో ముడిపడ్డ పేద దేశాలు నిజంగా ఎట్లా పెరిగాయో అంకెలతో చూపే అధ్యాయం అది.

అంకెలు హైదరాబాద్‌లో ఉన్నాయి. సార్‌కు పరీక్షల డ్యూటీ, సెలవు దొరకలేదు. "నేను పోయి రాసుకొస్త సార్" అన్నాను. ఆయన పది దేశాల పేర్లు కాగితం మీద రాసిచ్చారు. దక్షిణ కొరియా, హాంకాంగ్, సింగపూర్, మలేసియా, థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్, ఇండియా, బ్రెజిల్, జాంబియా, జమైకా. ఒక్కో దేశానికి రెండు అంకెలు కావాలి. దేశాదాయంలో ఎగుమతుల వాటా ఎంత, తలసరి ఆదాయం ఏటా ఎంత చొప్పున పెరిగింది. ర్యాంకులు వేసి సహసంబంధం లెక్కగట్టే సూత్రం కూడా అదే కాగితం వెనక రాశారు. రెండు వరుసలూ ఒక్క తీరుగా నడిస్తే జవాబు ఒకటికి దగ్గరగా వస్తుంది, ఎదురెదురుగా నడిస్తే మైనస్ ఒకటికి దగ్గరగా వస్తుంది, పొంతన లేకపోతే సున్నా వస్తుంది.

పొద్దుటి బండికి పోయి, గ్రంథాలయంలో రెఫరెన్సు గది తెరవంగానే కూర్చున్నాను. ఏటేటా వచ్చే అభివృద్ధి నివేదిక లావుపాటి పుస్తకం, వెనక పేజీలన్నీ పట్టికలే. ఒక్కో వరుస మీద స్కేలు పెట్టి నోటుబుక్కులోకి ఎక్కించాను. సింగపూర్ దగ్గర చెయ్యి ఆగింది. దేశాదాయంలో ఎగుమతుల వాటా నూరు దాటి ఉంది. కొంచెం కాదు, చాలా దాటి ఉంది. ఒక మనిషి తన మొత్తం సంపాదన కంటే ఎక్కువ ఎట్లా అమ్ముతాడు? అచ్చుతప్పు పట్టానన్న సంతోషం కలిగింది. చివరి అంకె ముందు ఒక చుక్క పెట్టాను. అంకె పదో వంతుకు తగ్గింది. అప్పుడది మిగతా దేశాల నడుమ చక్కగా ఒదిగింది. పుస్తకంలో కూడా దిద్దాలనిపించింది, కానీ బల్ల దగ్గర మనిషి చూస్తున్నాడు, ఊరుకున్నాను.

తిరుగు బండిలోనే ర్యాంకులు వేశాను. తేడాల వర్గాలు కూడి, సూత్రంలో పెట్టి రెండుసార్లు సరిచూశాను. జవాబు సున్నాకు కాస్త పైన వచ్చింది. సార్‌కు ఆ ఒక్క అంకె చెప్పాను. ఆయన పరీక్ష పేపర్ల కట్ట ముందేసుకుని ఉన్నారు.

"అంటే ఎగుమతులు ఎక్కువున్నయని ఏ దేశం ముందుకు పోలే. గిదే గదా మనం చెప్పేది" అన్నారు. నోటుబుక్కు తెరవలేదు. నా లెక్క మీద ఆయనకు అంత నమ్మకం. రెండు వారాల్లో అధ్యాయం రాసి టైపుకు ఇచ్చారు.

టైపైన కాగితాలు చదివే పని అక్క తీసుకుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం, మిగతావాళ్లు ఇంకా రాలేదు, నేను ముందే వచ్చాను. ఆమె అనుబంధంలో ఉన్న పట్టిక చూస్తూ సార్‌ను పిలిచింది.

"ఇగో, జర గిటు చూడున్రి. ఎగుమతుల్ల జాంబియా ఐదోది. సింగపూర్ ఏడోదట."

"అయితే?"

"నేను ఎనిమిదో తరగతి పిల్లలకు సింగపూర్ అంటే ఓడరేవు అని చెప్త. ఓడలు తప్ప ఇంకేం లేని ఊరు ఎగుమతుల్ల ఏడోది ఎట్లయితది? మీరు రాసిన పట్టిక నా పిల్లగాడు రాస్తే సున్నా వేస్త."

సార్ కళ్లద్దాలు సర్దుకుని పట్టిక చూశారు. తర్వాత నన్ను చూశారు. "తమ్మీ, గీ అంకె పుస్తకంల గిట్లనే ఉన్నదా?"

లేదు అన్నాను. నూరు దాటి ఉందని, అచ్చుతప్పనుకుని చుక్క పెట్టానని చెప్పాను. సార్ కోప్పడితే బాగుండేది. ఆయన ఆ పట్టికనే మళ్లీ మొదటి నుంచి చూడసాగారు.

"మొత్తం సంపాదన కంటె ఎక్కువ ఎట్ల అమ్ముతరు సార్?" అని నేనే మళ్లీ అడిగాను.

"మీ బాపు ఏడాదికి ఎంత బట్ట అమ్మేటోడు?"

"చాన అమ్మేటోడు."

"గా పైసలన్నీ మీ ఇంటియేనా?"

అప్పుడు తెలిసింది. బట్ట అమ్మిన డబ్బులో ఎక్కువ భాగం నూలుకే పోయేది. మా ఇంటి ఆదాయమంటే ఆ బట్టకు బాపు చెయ్యి చేర్చిన విలువ మాత్రమే. మా ఇంటి అమ్మకం మా ఇంటి ఆదాయానికి ఎన్నో రెట్లు. సింగపూర్ కూడా అంతే. బయటి నుంచి సరుకు వస్తుంది, విడిభాగాలు వస్తాయి. కొన్ని అట్లాగే తిరిగి ఓడెక్కుతాయి, కొన్ని కలిపి బిగించి పంపుతారు. ఎగుమతి లెక్కలో సరుకు పూర్తి ధర పడుతుంది. ఆదాయం లెక్కలో అక్కడ చేరిన విలువే పడుతుంది. పెరిగింది నేత ఇంట్లో, అయినా ప్రపంచ నివేదికను దిద్దబోయాను.

సరైన అంకె పెట్టి అక్కడే లెక్క మళ్లీ వేశాం. సింగపూర్ ఎగుమతుల్లో మొదటి స్థానానికి పోయింది, పెరుగుదలలో కూడా అదే మొదటిది. జవాబు సున్నా దగ్గర్నుంచి సగం దాకా ఎగబాకింది. ఐదో అధ్యాయం చెప్పినదానికి ఎదురు దిక్కు అది. గడువుకు ఏడు వారాలే ఉన్నాయి.

అంతలో వకీలు, గుమాస్తా వచ్చారు. సంగతి విన్న వకీలు వెంటనే దారి చూపించాడు. "సార్, సింగపూర్, హాంకాంగ్ దేశాలేనా? ఊర్లు. పల్లెలు లేవు, రైతులు లేరు. రెండింటిని తీసెయ్యున్రి. ఎవరూ తప్పు పట్టరు."

తీసేసి చూశాం. ఎనిమిది దేశాలతో జవాబు మళ్లీ సున్నాకు దిగింది, పైగా ఒక పిసరు కిందికే వచ్చింది. వకీలు నవ్వాడు. "సరిపాయె. థీసిస్ బతికింది."

సార్ ముఖంలో కూడా తేలిక కనిపించింది. అది నేను చూశాను, దాచను.

అక్క తలుపు దగ్గర్నుంచే అన్నది: "మరి తైవాన్ ఊరా, దేశమా?"

"గా నివేదికల తైవాన్ అంకెలు లేవు" అన్నారు సార్.

"పుస్తకంల లేకుంటే భూమ్మీద లేనట్టేనా?"

తైవాన్ అంకెల కోసం నేను మళ్లీ హైదరాబాద్ పోయాను. ఆ దేశం వేసుకున్న గణాంకాల పుస్తకం వేరే గ్రంథాలయంలో దొరికింది. ఈసారి పుస్తకం చివర చిన్న అక్షరాల్లో ఉన్న వివరణలన్నీ రాసుకున్నాను. అంకె పక్కన పేజీ సంఖ్య వేశాను. ఆ ఎనిమిది దేశాలకు తైవాన్ చేర్చితే జవాబు మళ్లీ పైకి లేచింది, ఈసారి పావు దగ్గర.

సార్ మూడు జవాబులూ ఒకే కాగితం మీద రాసి నా ముందు పెట్టారు. "ఒక్క దేశం పెడితే లేస్తది, తీస్తే పడుతది. గిది రుజువు కాదు తమ్మీ. మనకేం కావాల్నో గదే చెప్తది. పోయినసారి నాకు కావాల్సింది చెప్పింది గనుక నేను నోటుబుక్కు తెరువలే."

ఇక అధ్యాయాన్ని ఒక్కో దేశం పట్టుకుని రాశారు. నేను పుస్తకాలు మోశాను, నోట్సు రాశాను. చదివిన కొద్దీ సిద్ధాంతం ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ నిలబడదో తేటపడింది. జాంబియా రాగి తవ్వి పంపింది, జమైకా బాక్సైట్ పంపింది. ఎగుమతులు చాలా ఉన్నా బతుకు మారలేదు. ధర పడితే దేశం పడింది. అక్కడ సిద్ధాంతం చెప్పింది చెప్పినట్టు జరిగింది.

కొరియా, తైవాన్‌ల దగ్గర అది చిక్కుకుంది. యాభైలలో అవీ పేద దేశాలే. ముడి వదులుగా ఉందా అంటే, అంతకంటే బిగువైన ముడి ఇంకెక్కడా లేదు. అమెరికా సాయం, అమెరికా సైన్యం, ముందు ఏలిన జపాన్ నుంచి యంత్రాలు, అమ్మకాలకు అమెరికా అంగడి. సిద్ధాంతం ప్రకారం అవి ఇంకా బక్కచిక్కాలి. అవి బట్టలు, సవరాలు, ప్లైవుడ్ పంపడంతో మొదలుపెట్టి ఉక్కు, ఓడలు, రేడియోలు, టీవీల దాకా పోయాయి. అంచు దేశం తక్కువ రకం సరుకు దగ్గరే ఆగిపోతుందన్న మాట అక్కడ నిలవలేదు. సింగపూర్ ఇంకా కష్టమైన ఉదాహరణ. అక్కడ ఫ్యాక్టరీలు చాలావరకు విదేశీ కంపెనీలవే. మిగులు బయటికి పోతూనే ఉన్నా కూలి రేట్లు ఏటేటా పెరిగాయి.

దీన్ని ఆదివారం గదిలో చెప్పినప్పుడు పెద్ద గొడవే అయింది. గనుల గుమాస్తా ఊరుకోలేదు.

"గవన్నీ అమెరికా పైసలు సార్. కమ్యూనిస్టులు రావొద్దని పోసిన్రు. మనకెవలు పోస్తరు?"

"ఫిలిప్పీన్స్‌కు కూడ పోసిన్రు గదన్నా. అమెరికా సైన్యం ఆడ కూడ ఉన్నది. గది ఎందుకు లేవలే?" అని సార్ అడిగారు.

జవాబు కూడా ఆయనే చెప్పారు. కొరియాలో, తైవాన్‌లో యుద్ధం తర్వాత కౌలుదారుకు భూమి దక్కింది. ఫిలిప్పీన్స్‌లో భూస్వామి భూమి భూస్వామి దగ్గరే ఉండిపోయింది. కొరియా బ్యాంకులను సర్కారు చేతిలో పెట్టుకుంది, ఎగుమతి చేసి చూపించినవాడికే తక్కువ వడ్డీకి అప్పిచ్చింది, చూపించలేనివాడికి ఆపింది. ఇంటి అంగడిని బయటి సరుకు రాకుండా కాపాడుకుంటూనే బయటి అంగడిలో పోటీ పడమంది. ముడి రెండుచోట్లా ఒకటే. లోపల జరిగింది వేరు.

"అంటే అంగడిని వదిలేస్తే అన్ని సక్కగయితయి అనేటోళ్ల మాట నిజమేనా?" అని వకీలు అడిగాడు, కొంత ఎగతాళిగానే.

"వాళ్ల మాట కూడ నిలవది. కొరియాల అంగడిని ఎవలు వదిలేసిన్రు? సర్కారు ముకుతాడు వట్టుకునే నడిపింది. సంఘాలు పెట్టుకున్న కూలోళ్లను కొట్టింది కూడ. గది నేను రాస్త."

"మరి మీరు ఇప్పుడు ఎవల దిక్కు సార్?" అన్నాడు గుమాస్తా. అందులో కోపం కంటే బాధే ఎక్కువ ఉంది.

"భూమి పంచాల్నన్న దిక్కే. ముందు కంటె జర గట్టిగ."

గుమాస్తా ఆ తర్వాత కొన్ని ఆదివారాలు రాలేదు. సార్ గైడ్‌కు ఉత్తరం రాసి, గడువు ఆరు నెలలు పెంచమని అడిగారు. అంతకుముందు ఉన్న గడువులోనే పాత అధ్యాయం ఇచ్చేస్తే చాలునని గైడ్ చెప్పారట, పరీక్షకులు అనుబంధం దాకా చూడరని. గడువు పెరుగుతుందన్న హామీ లేదు. ఉత్తరానికి జవాబు రావడానికి నాలుగు వారాలు పట్టింది, అన్నాళ్లూ సార్ పాఠం చెప్పి ఇంటికి రావడం, తపాలా చూడడం, రాసుకోవడం. ఆఖరికి మూడు నెలలు ఇచ్చారు. ఆ మూడు నెలల్లోనే రాశారు.

వైవాకు నేను వెంట పోయాను. పరీక్షకుడు బయటి రాష్ట్రం నుంచి వచ్చిన పెద్దాయన. ఆయన అనుబంధం దాకా చదివారు. సార్ మూడు లెక్కలతో పాటు నా తప్పు లెక్కను కూడా వేసి, కింద "మొదట ఈ అంకెను పొరపాటుగా ఎక్కించాను" అని రాసి ఉన్నారు.

"ఈ పొరపాటు ఎవరిది?" అని ఆయన అడిగారు.

"నాదే" అన్నారు సార్.

"పొరపాటును థీసిస్‌లో ఎందుకు ఉంచారు? తీసేయొచ్చు కదా."

"నేను నమ్మినదాన్నే అది చెప్పింది కాబట్టి సరిచూడలేదు. నా సిద్ధాంతానికి అనుకూలంగా వచ్చే అంకెలను సరిచూడకుండా ఎట్లా దాటేస్తామో చదివేవాళ్లకు తెలియాలనుకున్నాను."

పెద్దాయన తల ఊపి, తర్వాత ఫిలిప్పీన్స్ మీద గంటసేపు ప్రశ్నలు వేశారు. రెండింటికి సార్ దగ్గర సరైన జవాబు లేదు. తెలియదని చెప్పారు. సాయంత్రం పట్టాకు సిఫార్సు చేశారని చెప్పారు. ఆ తర్వాత ఆ పట్టాతో ఆయనకు ప్రమోషనేమీ రాలేదు. రిటైరయ్యేదాకా లెక్చరర్‌గానే ఉన్నారు. మాట మార్చి సంపాదించుకున్నారనేవాళ్ల కోసం ఇది కూడా రాస్తున్నాను.

తిరుగు బండిలో నేను అడిగాను. "సార్, చుక్క వెట్టింది నేను. మీరెందుకు మీద వేసుకున్నరు?"

"చుక్క పెట్టింది నీ తప్పు. చూడకుంట అధ్యాయం రాసింది నా తప్పు. థీసిస్ నాది, గందుకే నాది రాసిన. నీది నువ్వెప్పుడన్న రాసుకో."

ఇప్పుడు రాశాను. ఇది రాయడానికి సాయపడినవాళ్లకు పేర్లు పెట్టి కృతజ్ఞత చెప్పాలని ఉంది, కానీ కొందరు వద్దన్నారు, కాబట్టి పేర్లు లేకుండానే చెబుతున్నాను. రెండోసారి హైదరాబాద్ పోయినప్పుడు రెఫరెన్సు గదిలో, వివరణలు పుస్తకం చివర ఉంటాయని వేలు పెట్టి చూపించిన ఉద్యోగికి. ఐదో అధ్యాయాన్ని రెండోసారి టైపు చేసి, రెండోసారికి పైసలు వద్దన్న టైపిస్టుకు. కొన్ని ఆదివారాలు అలిగి, తర్వాత వచ్చి, సార్ పాడె పట్టిన గనుల గుమాస్తాకు. బట్ట తానుల లెక్క, నూలు తూకం లెక్క నోటితోనే చెప్పిన మా బాపుకు. ఈ కాగితాలు చదివి, నేను జాంబియా ర్యాంకు తప్పు రాస్తే ఎర్రసిరాతో సున్నా చుట్టి పంపిన అక్కకు.